ఫొటో అసలు అందలేదని సంభాషణ చదివి ఎలా తేల్చాలి?

ప్రశ్న: మాది వాట్సాప్‌లో రైతులకు పంట సలహాలు ఇచ్చే కేంద్రం. పాత సంభాషణలను ఎక్స్‌పోర్ట్ చేసి నాకు ఇస్తారు. చదివి, సలహా సరిగ్గా ఇచ్చారో లేదో రాయాలి. చాలా చోట్ల రైతు ఫొటో పెట్టానంటాడు, మా వాళ్ళు కనబడలేదంటారు. ఆ ఫొటో అసలు రాలేదా, వచ్చి తెరుచుకోలేదా, లేక ఖాళీగా వచ్చిందా? నా దగ్గర ఉండేది రాత మాత్రమే. దాన్ని చదివి ఇది చెప్పగలమా?

సమాధానం:

చాలావరకు చెప్పగలం. తెరుచుకోని ఫొటో అయినా, ఖాళీ ఫొటో అయినా ఒక వస్తువే. దానికి సంభాషణలో ఒక వరుస ఉంటుంది, సమయం ఉంటుంది, ఎంతో కొంత సైజు ఉంటుంది, నిలువో అడ్డమో ఒక ఆకారం ఉంటుంది. అందని ఫొటోకు ఇవేవీ ఉండవు. దాని చుట్టూ ఇద్దరూ మాట్లాడుకున్న మాటలు మాత్రమే మిగులుతాయి. కాబట్టి మీరు వెతకవలసింది రెండు చోట్ల: మొదట యాప్ తనంతట తాను రాసిన వరుసల్లో, తర్వాత మనుషులు రాసిన మాటల్లో. ఈ క్రమాన్ని తారుమారు చేయవద్దు, ఎందుకంటే మనుషుల మాటలు మర్యాద కోసం వంకర తిరుగుతాయి గాని యాప్ రాసే వరుసకు ఆ అవసరం లేదు.

ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి ఫొటోలు లేకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే, ప్రతి ఫొటో ఉన్న చోట `<Media omitted>` అని వస్తుంది. ఐఫోన్ నుంచి చేస్తే `image omitted` అని వస్తుంది. ఫొటోలతో కలిపి ఎక్స్‌పోర్ట్ చేస్తే `IMG-20231114-WA0003.jpg (file attached)` వంటి వరుస కనబడుతుంది. ఫోన్ భాషను బట్టి ఈ మాటలు మారవచ్చు. కొత్తగా ఈ పనికి వచ్చినవారు చాలామంది `<Media omitted>` చూడగానే ఫొటో రాలేదని రాసేస్తారు. అసలు అర్థం దానికి సరిగ్గా ఎదురు. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫోన్‌లో ఆ చోట ఫొటో, వీడియో, వాయిస్ వంటిదేదో ఒక సందేశంగా నమోదై ఉందని, దాన్ని ఈ రాతలో చేర్చలేదని మాత్రమే ఆ వరుస చెబుతుంది. సలహాదారు ఫోన్ నుంచి తీసిన ఎక్స్‌పోర్ట్‌లో రైతు పేరు మీద ఆ వరుస ఉన్నదంటే, కనీసం సందేశం ఆ ఫోన్ దాకా చేరిందన్నమాట. ఆండ్రాయిడ్‌లో అది ఫొటోయో వాయిసో ఆ వరుస చెప్పదు గనుక, రైతు ఆ రోజు వాయిస్ మెసేజ్ కూడా పెట్టి ఉంటే దేని వరుస ఏదో ముందు వెనుక మాటలను బట్టి పోల్చుకోవాలి.

ఇక్కడే ఇంకో ప్రశ్న మొదట అడగాలి: ఈ ఎక్స్‌పోర్ట్ ఎవరి ఫోన్‌ది? రైతు ఫోన్ నుంచి తీసినదైతే, పంపడం పూర్తికాని ఫొటోకు కూడా అందులో వరుస ఉండవచ్చు, ఎందుకంటే ఆయన ఫోన్‌లో ఆ ఫొటో ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది. అందిందా లేదా అన్నది అవతలి ఫోన్ చెప్పాలి. కాబట్టి సలహాదారు వైపు ఎక్స్‌పోర్టే మీకు ముఖ్య సాక్ష్యం; రైతు వైపుది దానితో పోల్చి చూడడానికి పనికివస్తుంది.

సలహాదారు వైపు వరుస లేకపోవడాన్ని కూడా నేరుగా నమ్మవద్దు. రైతు తానే పంపి అందరికీ డిలీట్ చేస్తే `This message was deleted` అన్న వరుస మిగులుతుంది, కాబట్టి అది దొరికిపోతుంది. సలహాదారు తన ఫోన్‌లో తనవరకు డిలీట్ చేసుకుంటే మాత్రం ఏ గుర్తూ మిగలదు. ఎక్స్‌పోర్ట్‌లో ఆ ఫొటో ఎన్నడూ రానట్టే ఉంటుంది. ఫోన్ నిండిపోయిందని ఫొటోల సందేశాలు తుడిచే అలవాటు ఉన్న కార్యాలయాల్లో ఇది సాధారణం. అందుకే వరుస లేకపోవడం ఒక బలమైన సూచన, అంతే. నిర్ధారణకు మనుషుల మాటలు దానికి తోడు నిలవాలి.

వరుసల విషయంలో గమనించవలసిన మరో సంగతి, ఫొటోతో పాటు రాసిన మాటలు ఏ రూపంలో వచ్చాయన్నది. ఫొటో కింద రాసే క్యాప్షన్, ఫొటో రెండూ ఒకే సందేశం. ఎక్స్‌పోర్ట్‌లో `<Media omitted>` కింద వరుసలోనే ఆ మాటలు వస్తే వస్తాయి, వాటికి వేరే సమయం ఉండదు. ఫొటో పోతే క్యాప్షన్ కూడా దానితోనే పోతుంది. రైతు ముందు ఫొటో పంపి, తర్వాత వేరే సందేశంగా “ఈ ఆకు చూడండి సార్” అని టైప్ చేస్తే, ఆ రెంటి ప్రయాణం వేర్వేరు. మాటలు కొన్ని బైట్లు. ఫొటో వందల కిలోబైట్లు. పొలంలో సిగ్నల్ సన్నగా ఉన్నచోట మాటలు దాటిపోతాయి, ఫొటో గడియారం గుర్తుతో అక్కడే ఆగిపోతుంది. అందుచేత “ఈ”, “ఇది”, “పైన పెట్టిన” అన్న మాటలు తమ సొంత సమయంతో వేరే సందేశంగా ఉండి, వాటికి ముందు ఏ ఫొటో వరుసా లేకపోతే, అందని ఫొటోకు అది తొలి లక్షణం. కాకపోతే ఆ తర్వాత ఆ రోజు వరుసలన్నీ చూడండి. ఆగిన ఫొటో సిగ్నల్ దొరకగానే ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు వరుస ఉంటుంది గాని మాటల తర్వాత ఉంటుంది. ఆ మధ్యకాలంలో ఇచ్చిన సలహా ఫొటో చూడకుండా ఇచ్చినదే, ఫొటో చివరికి అందినా సరే.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ తప్పుదారి పట్టించే సందర్భం. వాట్సాప్ ఫొటో సందేశంలో రెండు భాగాలున్నాయి. సందేశంతో పాటే ఒక అతి చిన్న మసక నమూనా వస్తుంది. అసలు ఫొటో సర్వర్‌లో విడిగా ఉండి, డౌన్‌లోడ్ చేసుకున్నప్పుడే ఫోన్‌లోకి దిగుతుంది. ఆటో డౌన్‌లోడ్ ఆపి ఉంచిన ఫోన్‌లో, లేదా నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు, తెరమీద కనబడేది ఆ మసక నమూనా, దాని మీద కిందికి చూపే బాణం, పక్కన సైజు. దాన్ని చూసి సలహాదారు “ఫొటో మసకగా ఉంది, మళ్ళీ తీసి పంపండి” అంటాడు. రైతు ఫోన్‌లో ఫొటో తేటగా ఉంటుంది గనుక ఆయనకు ఏమీ అర్థం కాక మళ్ళీ అదే పంపుతాడు. అదీ మసకగానే కనబడుతుంది. ఈ సంభాషణను రాతలో చదివిన మీకు ఫొటో నాణ్యత బాగాలేదనిపిస్తుంది. నిజానికి ఫొటోకు ఏ లోపమూ లేదు. సందేశం అందింది, ఫొటో దిగలేదు. రైతు వైపు రెండు టిక్కులు పడి ఉంటాయి, ఎందుకంటే ఆ టిక్కులు సందేశం చేరిందని చెబుతాయి గాని ఫొటో దిగిందని చెప్పవు. ఆ రెండు టిక్కులను పట్టుకుని “అందింది, మా వాళ్ళే చూడలేదు” అని రాయడం కూడా సరికాదు.

దీన్ని రాతలోనే ఎలా పట్టుకోవాలంటే, మసక అన్న ఫిర్యాదుకు వివరం ఉందా లేదా చూడండి. నిజంగా మసక ఫొటో తెరిచి చూసిన మనిషి ఏది మసకో చెబుతాడు: “ఆకు వెనక వైపు తేలడం లేదు”, “చెయ్యి కదిలింది, పురుగు కనబడటం లేదు”, “దూరం నుంచి తీశారు.” దిగని ఫొటో చూసిన మనిషి ఒట్టి “మసకగా ఉంది” అంటాడు, ఒకే రోజు వేర్వేరు రైతుల ఫొటోలన్నిటికీ అదే మాట అంటాడు. ఒకే సలహాదారు, ఒకే పూట, ముగ్గురు రైతులకు మసక అన్నాడంటే ముగ్గురి కెమెరాలను అనుమానించే ముందు ఆయన ఫోన్ సెట్టింగ్ చూడమనండి.

ఇక మనుషుల మాటల దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒకే ఒక్క పరీక్ష నాకు నమ్మకంగా పనిచేస్తుంది: రైతు మాటల్లో ఎక్కడా లేనిది, ఫొటోలో మాత్రమే ఉండగలది ఏదైనా సలహాదారు జవాబులో ఉందా? మిరప ముడతనే తీసుకోండి. తామర పురుగులు పట్టితే ఆకులు పైకి, పడవలా ముడుచుకుంటాయి. దాన్ని పై ముడత అంటాం. తెల్లనల్లి పట్టితే ఆకులు కిందికి, తిరగేసిన పడవలా ముడుచుకుని, ఆకు కాడలు సాగుతాయి. అది కింది ముడత. రైతు చాలాసార్లు “ముడత వచ్చింది” అని మాత్రమే రాస్తాడు, ఎటు వైపో రాయడు, ఫొటో పెట్టాను కదా అని. సలహాదారు జవాబులో “ఆకులు పైకి ముడుచుకున్నాయి” అని ఉందంటే ఆయన ఏదో చూశాడు. “ముడతకు ఈ మందు కొట్టండి” అని మాత్రమే ఉందంటే ఆయన రైతు మాటనే తిప్పి చెప్పాడు, చూసిన ఆధారం లేదు. ఈ తేడా సలహా తప్పొప్పులను కూడా నిర్ణయిస్తుంది: నల్లికి వాడే నీటిలో కరిగే గంధకంతో తామర పురుగు అదుపులోకి రాదు.

ఈ పరీక్షలో ఒక జాగ్రత్త ఉంది. అనుభవం ఉన్న సలహాదారు ఫొటో చూడకుండానే సరిగ్గా ఊహించగలడు. 2021-22 పంటకాలంలో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటల్లో కొత్త రకం తామర పురుగు విపరీతంగా వ్యాపించినప్పుడు, పూత మీద పురుగు అనగానే ఎవరైనా దాని పేరే చెప్పేవారు. అటువంటి కాలంలో సరైన సలహా ఉన్నంత మాత్రాన ఫొటో చూశారని అనుకోకూడదు. చూసినవాడు చెప్పే వివరం ఆ మొక్కకే చెందినదై ఉండాలి: పక్కన మల్చింగ్ షీట్ ఉందని, కాయ ఎర్రబడిందని, ఆకు మీద మందు మరకలున్నాయని. సలహాకు అవసరం లేని చిన్న వివరమే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం, ఎందుకంటే అది ఊహించి రాయవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

ఒక సంభాషణ పూర్తిగా విప్పి చూద్దాం. పేర్లు తీసివేశాను. ఇది సలహాదారు ఫోన్ నుంచి, ఫొటోలు లేకుండా చేసిన ఎక్స్‌పోర్ట్.

```
14/11/23, 7:42 am - రైతు: మిరపలో ముడత వచ్చింది సార్
14/11/23, 7:44 am - రైతు: ఫొటోలు పెట్టాను చూడండి
14/11/23, 9:10 am - సలహాదారు: ముడతంటే తామర పురుగు అయి ఉంటుంది, దాని మందు కొట్టండి. దగ్గరగా తీసింది పంపండి
14/11/23, 9:15 am - రైతు: రెండోది దగ్గరగా తీసిందే సార్
14/11/23, 9:31 am - సలహాదారు: సరిగా కనబడటం లేదండి
14/11/23, 6:20 pm - రైతు: <Media omitted>
14/11/23, 6:20 pm - రైతు: <Media omitted>
14/11/23, 6:52 pm - సలహాదారు: ఆకులు కిందికి ముడిచాయి, కాడలు సాగాయి. ఇది నల్లి. పొద్దున చెప్పింది కొట్టవద్దు
```

పొద్దున 7:44కు ముందు ఏ ఫొటో వరుసా లేదు. “ఫొటోలు పెట్టాను” అన్నది సొంత సమయం ఉన్న వేరే సందేశం, క్యాప్షన్ కాదు. 9:10 జవాబులో ముడత అన్న మాట రైతుదే, తామర పురుగు అన్నది ఊహ, “అయి ఉంటుంది” అన్న క్రియే ఆ సంగతి చెబుతోంది. “దగ్గరగా తీసింది పంపండి” అన్న మాట మాత్రం మొదటి చూపులో ఏదో దూరపు ఫొటో వచ్చిందన్న భావన కలిగిస్తుంది. ఇటువంటి మాటల దగ్గరే తీర్పు తప్పుతుంది. ఫొటో ఏదీ లేకపోయినా సలహాదారులు ప్రతి రైతుకూ అలవాటుగా అడిగే మాట అది. ఆయన మిగతా సంభాషణలు నాలుగు చదివితే అదే వాక్యం అచ్చంగా దొరుకుతుంది. తర్వాత రైతు “రెండోది” అన్నాడు. తన ఫోన్‌లో రెండు ఫొటోలు వరుసగా కనబడుతున్నవాడు మాత్రమే ఆ మాట అంటాడు. సలహాదారుకు కూడా రెండు వచ్చి ఉంటే జవాబు ఆ రెండోదాని గురించి ఉండాలి. “సరిగా కనబడటం లేదండి” అన్నది ఏ ఫొటోను గురించీ కాదు. మన వాడుకలో ఆ మాట ఎదురుగా ఉండి తేటగా లేనిదానికీ, అసలు ఎదుట లేనిదానికీ కూడా చెల్లుతుంది; అవతలివాడి మీద తప్పు మోపకుండా తప్పుకోవడానికి వీలైన మాట. కాబట్టి దాన్ని ఏ వైపుకూ సాక్ష్యంగా లెక్కించకండి.

సాయంత్రం 6:20కి రెండు వరుసలు వచ్చాయి. అప్పుడు జవాబు మారిపోయింది. ముడత ఎటు వైపో, కాడలు ఎలా ఉన్నాయో వచ్చింది. పొద్దుటి ఊహను రద్దు చేసింది. చూసినవాడి జవాబు, చూడనివాడి జవాబు ఒకే మనిషి నోట పక్కపక్కన ఉన్నాయి. మిగిలిన చిన్న ప్రశ్న, సాయంత్రం వచ్చినవి పొద్దుటి ఫొటోలేనా, మళ్ళీ తీసి పంపినవా అన్నది. రైతు “మళ్ళీ పంపుతున్నాను” అనలేదు, రెండూ ఒకే నిమిషంలో వచ్చాయి, పొద్దున అన్నట్టే సరిగ్గా రెండే. పొలం నుంచి ఇంటికి వచ్చాక ఆగి ఉన్న ఫొటోలు కదిలాయని అనుకోవడం సహజం, అయినా ఇది అనుమానమే. రైతు ఫోన్‌లో చూస్తేనే తేలుతుంది. మీ తీర్పుకు అది అవసరం లేదు: పొద్దుట 9:10కి, 9:31కి ఫొటో అందలేదు. సలహాదారు తప్పు ఏమిటంటే ఫొటో రాలేదన్న మాట నేరుగా చెప్పకపోవడం, పైగా ఊహ మీద సలహా ఇవ్వడం.

మీకు సలహాదారుతో మాట్లాడే అవకాశం ఉంటే ప్రశ్న ఎలా వేస్తారన్నది చాలా ముఖ్యం. “ఫొటో మసకగా వచ్చిందా?” అని అడిగితే తొంభై పాళ్ళు అవునంటారు, మీరే జవాబు అందించారు గనుక. “ఫొటో నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా?” అని అడగండి. దిగని ఫొటో మసక నమూనాకు కూడా నిలువు అడ్డం ఉంటుంది. పూర్తిగా నల్లగా వచ్చిన ఫొటోకు కూడా ఉంటుంది. తెరుచుకోని ఫైలుకు కనీసం పేరో సైజో చెప్పగలరు. అందనిదానికి ఏదీ చెప్పలేరు. రైతును అడిగేటప్పుడు కూడా “పంపారా?” అనకండి, ఆయన పంపాననే అంటారు, ఆయన అన్నది నిజం కూడా. “ఫొటో మూలన గడియారం గుర్తుందా, ఒక టిక్కుందా, రెండున్నాయా?” అని అడగండి. గడియారం ఉంటే ఫోన్ దాటలేదు. ఒకటి ఉంటే సర్వర్ దాకా పోయింది, అవతలి ఫోన్‌కు చేరలేదు. రెండుంటే సందేశం చేరింది, కాబట్టి దిగకపోవడమో, చూడకపోవడమో, డిలీట్ చేయడమో జరిగి ఉండాలి.

ఖాళీ ఫొటో గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అది అరుదు, పైగా దాన్ని చూసినవాడు రంగు చెబుతాడు: “నల్లగా వచ్చింది”, “మొత్తం తెల్లగా ఉంది.” జేబులో కెమెరా నొక్కుకుపోయినా, వేలు అడ్డం పడినా, ఎండకు ఎదురుగా తీసినా అలా వస్తాయి. ఫొటో అందని మనిషి రంగు పేరు చెప్పడం నేను సాధారణంగా చూడలేదు. రంగు మాట ఉండి ఫొటో వరుస లేకపోతే, ఆ వరుసను తర్వాత డిలీట్ చేశారేమో కనుక్కోండి.

చివరగా, మీ కేంద్రం మామూలు ఫోన్‌లో కాకుండా వాట్సాప్ బిజినెస్ ఏపీఐ ద్వారా సొంత డ్యాష్‌బోర్డ్‌లో సంభాషణలు నడుపుతుంటే, పైన చెప్పిన దారి కొంత మారుతుంది. అక్కడ సలహాదారుకు కనబడకపోవడం వేరు, మీ వ్యవస్థకు అందకపోవడం వేరు. ఫొటో వచ్చినప్పుడు మీ సర్వర్‌కు ఫొటో రాదు, దాని గుర్తు మాత్రమే వస్తుంది. లాగ్‌లో అది సుమారుగా ఇలా ఉంటుంది:

```
"type": "image",
"image": { "mime_type": "image/jpeg", "sha256": "...", "id": "..." }
```

ఆ `id` ఇచ్చి మీ సర్వర్ ఒక లింకు తీసుకోవాలి, ఆ లింకుతో ఫొటో దింపుకోవాలి. ఆ లింకు 5 నిమిషాలే పనిచేస్తుంది. సర్వర్ పని ఒత్తిడిలో ఆలస్యం చేస్తే లింకు చచ్చిపోతుంది, ఫొటోకు బదులు ఒక తప్పు సందేశం జవాబుగా వస్తుంది. ప్రోగ్రాం రాసినవారు జాగ్రత్త తీసుకోకపోతే ఆ తప్పు సందేశమే `.jpg` పేరుతో సేవ్ అవుతుంది. సలహాదారు నొక్కితే “ఫైలు తెరుచుకోవడం లేదు” అంటాడు. సంభాషణలో అది పాడైన ఫొటోలా కనబడుతుంది. నిజానికి అక్కడ ఫొటో లేదు, ఎప్పుడూ రాలేదు. దీన్ని తేల్చడం సులువు. నిజమైన జేపీఈజీ ఫైలు మొదటి మూడు బైట్లు `ff d8 ff` అయి ఉంటాయి. మీ సాంకేతిక సిబ్బందిని ఇది నడపమనండి:

```
file photo.jpg
xxd -g 1 -l 3 photo.jpg
```

మొదటి ఆదేశం `JPEG image data` అంటే అది ఫొటోయే, మధ్యలో తెగిపోయి ఉండవచ్చు. `JSON` అన్న మాటో `ASCII text` అన్న మాటో వస్తే ఫొటో మీ సర్వర్‌లోకి దిగలేదు. `empty` అంటే ఫైలు పేరు పుట్టింది గాని లోపల ఏమీ చేరలేదు. లాగ్‌లో ఆ సమయానికి రైతు నుంచి `"type": "text"` వరుసలు మాత్రమే ఉండి `"type": "image"` లేకపోతే ఫొటో మీ గడప దాకా రాలేదు. `"type": "image"` ఉండి ఫైలు లేకపోతే రైతు పంపినది వచ్చింది, పోగొట్టుకున్నది మీ వ్యవస్థ. ఈ రెండో సందర్భంలో రైతును మళ్ళీ పంపమనే ముందు కారణం ఆయన ఫోన్ కాదని సలహాదారుకు చెప్పాలి, లేకపోతే అదే లోపం మీద అదే ఫొటో మళ్ళీ మళ్ళీ పంపిస్తూనే ఉంటారు.

ఒకసారి మాత్రమే చూసేలా పంపిన ఫొటో కూడా ఇటువంటి గందరగోళమే చేస్తుంది. కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి పనిచేసే సలహాదారుకు ఫొటోకు బదులు దాన్ని ఫోన్‌లో తెరవమనే సూచన మాత్రమే కనబడవచ్చు, ఆయన రాలేదని రాస్తాడు. రైతు ఫోన్‌లో గనుక ఆ ఫొటో గుర్తు పక్కన 1 అంకె ఉంటే విషయం అదే.

మీ రికార్డులో రాసేటప్పుడు “ఫొటో అందలేదు” అన్న మాటను మూడూ కలిసినప్పుడే వాడండి: సలహాదారు వైపు ఎక్స్‌పోర్ట్‌లో వరుస లేకపోవడం, జవాబుల్లో ఫొటోకే చెందిన వివరం ఒక్కటీ లేకపోవడం, రైతు మాటలు తన ముందు ఫొటో ఉన్నట్టు సాగడం. వరుస ఉండి వివరం లేకపోతే “సందేశం అందింది, ఫొటో చూసిన ఆధారం లేదు” అని రాయండి; అది దిగని ఫొటో కావచ్చు, చూడని ఫొటో కావచ్చు, రాతను బట్టి ఇంతకన్నా చెప్పలేం. వరుస లేదు గాని వివరం ఉన్నదంటే డిలీట్ చేసి ఉంటారు లేదా ఫొటో వేరే నంబరుకో గ్రూపుకో వచ్చి ఉంటుంది; అప్పుడు “స్థితి తేలలేదు, రైతు ఫోన్ ఎక్స్‌పోర్ట్ కావాలి” అని రాసి, ఆ వివరం ఉన్న జవాబు తేదీ, సమయం పక్కన పెట్టండి.